కర్మాగారంలో పర్యావరణ ఆడిట్ - 6వ పాఠం: సున్నం బస్తాల లెక్క

గత రెండు పాఠాల్లో మన ఊహా కర్మాగారానికి పర్యావరణ విధానం రాసుకుని, లక్ష్యాలు పెట్టుకున్నాం. ఇప్పుడే చేరినవారి కోసం చెబుతున్నాను: అది విశాఖపట్నంలో, గాజువాక ఆటోనగర్‌లో ఉన్నట్టు అనుకున్న జింకు పూత యూనిట్. ఇనుప బోల్టులు, బ్రాకెట్లు వస్తాయి. వాటిని హైడ్రోక్లోరిక్ యాసిడ్ తొట్టెలో ముంచి తుప్పు వదిలిస్తారు, నీటితో కడుగుతారు, ఆ తర్వాత పూత వేస్తారు. కడిగిన నీరు ఈటీపీకి, అంటే వ్యర్థజలాన్ని శుద్ధి చేసే విభాగానికి వెళ్తుంది. అక్కడ సున్నం కలిపి యాసిడ్‌ను విరిచి, ఇనుమునూ జింకునూ బురదగా దింపి, తేటనీటిని బయటికి వదులుతారు.

విధాన పత్రం ఆఫీసు గోడ మీద ఫ్రేములో ఉంది. పర్యావరణాన్ని కాపాడతామని, చట్టపరమైన షరతులు పాటిస్తామని, నిరంతరం మెరుగుపడతామని ఐఎస్‌ఓ 14001 అనే పర్యావరణ నిర్వహణ ప్రమాణం అడిగే మూడు హామీలూ అందులో ఉన్నాయి. దానితో మనకు పేచీ లేదు. ఈ పాఠంలో చూసేది దాని కింద పెట్టుకున్న మొదటి లక్ష్యాన్ని: ‘బయటికి వదిలే నీటి పీహెచ్ ఏడాదిలో ఒక్కసారి కూడా హద్దు దాటకూడదు.’ అనుమతి పత్రం ప్రకారం ఆ హద్దు 6 నుంచి 9.

అంతర్గత ఆడిట్‌కు మీరు ఈటీపీ గదిలోకి అడుగుపెట్టారు. ఆపరేటర్ లాగ్‌బుక్ చేతికిచ్చాడు. రోజుకు మూడు రీడింగులు. 7.2, 7.3, 7.3, మళ్లీ 7.2. ఆరు నెలలుగా ఇదే వరస, ఒకే సిరా. నిజమైన పీహెచ్ ఇంత బుద్ధిగా ఉండదు. తొట్టెలో కొత్త యాసిడ్ పోసిన రోజు ఒకలా, పని తక్కువగా ఉన్న రోజు మరోలా ఊగుతుంది. ఒకచోట నేను తిరగేసిన పాత లాగ్‌బుక్‌లో 2014 అక్టోబరు 12న కూడా మూడు పూటలా 7.3 అని ఉంది. హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద విరుచుకుపడిన రోజది. ఊరంతా కరెంటు లేని రోజున ఆ పంపు ఎలా తిరిగిందో రాసినవారికే తెలియాలి.

అయినా, పుస్తకం మరీ శుభ్రంగా ఉండటం అనుమానానికి కారణం అవుతుందే తప్ప సాక్ష్యం కాదు. సాక్ష్యం ఈటీపీ గదిలో దొరకదు, స్టోర్సులో దొరుకుతుంది. అక్కడి గుమాస్తా పీహెచ్ కోసం రాయడు, డబ్బు లెక్క కోసం రాస్తాడు. అందుకే ఆయన పుస్తకాన్ని నేను ముందుగా నమ్ముతాను.

ఒక నెల తీసుకుందాం. వాడిన యాసిడ్ 6,000 కిలోలు, గాఢత 30 శాతం. వాడేసిన యాసిడ్‌ను ట్యాంకరులో అధీకృత రీసైక్లర్‌కు పంపుతారు. ఆ రవాణా పత్రాలైన మ్యానిఫెస్టులను, ల్యాబు నివేదికల్లోని క్లోరైడును కలిపి చూస్తే, కొన్న యాసిడ్‌లో 4,500 కిలోలకు సరిపడేది ఆ దారిన పోయింది. మిగిలిన 1,500 కిలోలు బోల్టులకు అంటుకుని కడుగు నీటిలోకి వెళ్లాయి. అందులో అసలు యాసిడ్ 450 కిలోలు.

దాన్ని విరవడానికి ఎంత సున్నం కావాలి? సూత్రం ఇది:

```
2HCl + Ca(OH)2 -> CaCl2 + 2H2O
```

73 కిలోల యాసిడ్‌కు 74 కిలోల తడి సున్నం, అంటే దాదాపు కిలోకు కిలో. కొంత యాసిడ్ ఇనుమును తిని ఐరన్ క్లోరైడుగా మారింది కదా అని ఎవరైనా అడ్డు తగలవచ్చు. ఆ ఇనుమును బురదగా దింపడానికి కూడా అంతే సున్నం పడుతుంది కాబట్టి లెక్క మారదు. 450 కిలోల యాసిడ్‌కు సుమారు 456 కిలోల స్వచ్ఛమైన సున్నం కావాలి. మనం కొనే సున్నం 80 శాతం స్వచ్ఛత ఉన్నది కాబట్టి 570 కిలోలు. పాతిక కిలోల బస్తాల్లో చెబితే 23.

స్టోర్సు పుస్తకంలో ఆ నెల ఈటీపీకి ఇచ్చినవి 9 బస్తాలు.

ఇక్కడే తొందరపడకూడదు. కొంత యాసిడ్ ఆవిరై, ఆ ఆవిరిని కడిగి పట్టే స్క్రబ్బరుకు వెళ్తుంది, తూకాల్లో తేడాలు ఉంటాయి. పది పదిహేను శాతం తేడా వస్తే నేను పట్టించుకోను. ఇక్కడ సగానికి పైగా లోటు. సున్నానికి బదులు కాస్టిక్ సోడా వాడారా అని చూడాలి. ఆ నెల ఇచ్చిన కాస్టిక్ అంతా స్క్రబ్బరుకే పోయింది. తర్వాత, సున్నం కలిపే మోటారుకు ఉన్న గంటల మీటరు చూడాలి. లాగ్‌బుక్ ప్రకారం రోజుకు 8 గంటల చొప్పున 26 రోజులకు 208 గంటలు. మీటరు తిరిగింది 84. అవసరమైన సున్నంలో ఐదింట రెండు వంతులే వాడారు, మోటారూ రాసినదాంట్లో ఐదింట రెండు వంతులే తిరిగింది. ఇద్దరు వేర్వేరు సాక్షులు ఒకే మాట చెబుతున్నారు.

ఇక మనిషిని అడగాలి. రాత్రి షిఫ్టులో బోల్టులు కడిగే కుర్రవాడిని అడిగాననుకోండి.

“రాత్రి పూట సున్నం ఎవరు కలుపుతారు, తమ్ముడూ?”

“రాత్రి ఎవరూ ఉండరు సార్. పొద్దున ఆయన వచ్చాక కలుపుతారు.”

“అప్పటిలోపు కడుగు నీటి తొట్టె నిండితే?”

అతను మాట్లాడలేదు. గోడ పక్కన వాన కాలువ వైపు చూశాడు. వెళ్లి చూస్తే కాలువ సిమెంటు మీద తుప్పు రంగు చార.

ఇప్పుడు ఎన్‌సీ, అంటే షరతుకు విరుద్ధంగా జరిగినదాన్ని చూపే నివేదిక, రాయాలి. ‘ఈటీపీ నిర్వహణ సరిగా లేదు’ అని రాస్తే ఎవరైనా కొట్టిపారేస్తారు. ఏది జరగాలి, ఏది కనిపించింది, ఏ ఆధారంతో అనేది రాయాలి: ‘కడుగు నీరంతా శుద్ధి చేసే వదలాలని అనుమతి పత్రం చెబుతోంది. ఆ నెల సున్నం 23 బస్తాలు అవసరం కాగా 9 ఇచ్చారు. మోటారు 208 గంటలు నడిచినట్టు రాశారు, మీటరులో 84. రాత్రి నీరు వాన కాలువలోకి పొర్లిన గుర్తులు ఉన్నాయి.’ ఇందులో విశేషణం ఒక్కటీ లేదు, అక్కర్లేదు కూడా.

కారణం దగ్గర కొత్త ఆడిటర్లు తరచూ ‘ఆపరేటర్ నిర్లక్ష్యం’ అని రాసి చేతులు దులుపుకుంటారు. ఇంకొంచెం తవ్వండి. రాత్రి ఆపరేటర్ మానేశాక ఆ ఖాళీ నింపలేదు. పైగా మన లక్ష్యం సంగతి చూడండి: ‘ఒక్కసారి కూడా హద్దు దాటకూడదు’. సూపర్‌వైజరు బోనస్‌ను దానికే ముడిపెట్టారు. 5.1 అని నిజం రాస్తే డబ్బు పోతుంది, 7.3 అని రాస్తే పోదు. అబద్ధాన్ని మనం పెట్టిన లక్ష్యమే పుట్టించింది. నా దృష్టిలో ఈ ఆడిట్‌లో అసలు దొరికిన విషయం అదే.

అందుకని కాలువ మూయడం, నిండిన తొట్టెను శుద్ధి చేయడం తక్షణ సవరణ మాత్రమే. రాత్రి ఆపరేటర్‌ను పెట్టడం, తొట్టె నిండితే కడుగుడు పంపు దానంతటదే ఆగే ఏర్పాటు, బోనస్ ముడి విప్పడం దిద్దుబాటు చర్య. లక్ష్యాన్ని కూడా మార్చాలి: ‘కడుగు నీటిలోకి పోయే యాసిడ్ నెలకు 1,500 కిలోల నుంచి 1,100కు తగ్గాలి.’ దారి సులువే. బుట్టను యాసిడ్ తొట్టె పైకి ఎత్తాక మరికాసేపు అక్కడే వేలాడదీసి కారనివ్వాలి.

మూడు నెలల తర్వాత మళ్లీ వెళ్తే సున్నం 17 బస్తాలు కనిపించింది. 23 కావాలి కదా, మళ్లీ మోసమా? కాదు. ఆ నెల పని అంతే ఉన్నా యాసిడ్ 5,600 కిలోలే వాడారు, రీసైక్లర్‌కు పోయింది మారలేదు. 1,100 కిలోలకు లెక్క వేస్తే 17 బస్తాలే వస్తాయి. సున్నాన్ని ఎప్పుడూ ఆ నెల యాసిడ్‌తో పోల్చాలి, పోయిన నెల సున్నంతో కాదు. ఏటా సెప్టెంబరు 30లోగా కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చే ఫారం-5లోనూ ముడిసరుకు వాడకం రాస్తారు. అక్కడి యాసిడ్ అంకె స్టోర్సు పుస్తకంతో కలుస్తోందో లేదో కూడా చూడండి.

వచ్చే పాఠంలోపు ఈ లెక్క చేసి ఉంచండి. మరో నెల యాసిడ్ 5,000 కిలోలు వాడారు, అందులో 4,000కు సరిపడేది రీసైక్లర్‌కు వెళ్లింది. ఈటీపీకి సున్నం 8 బస్తాలు, స్వచ్ఛమైన కాస్టిక్ 160 కిలోలు ఇచ్చారు. 36.5 కిలోల అసలు యాసిడ్‌ను 40 కిలోల కాస్టిక్ విరుస్తుంది. దీనికి ఎన్‌సీ రాస్తారా?