ఫ్లష్ నొక్కితే షవర్‌లో నీళ్ళు ఎందుకు కాగిపోతాయి? బకెట్‌తో కనిపెట్టండి, తర్వాత కార్ట్రిడ్జ్ మార్చండి

మాది బెంగళూరు మారతహళ్ళిలో ఐదో అంతస్తు ఫ్లాట్. పోయిన చలికాలం అత్తయ్య ఒంగోలు నుంచి వచ్చి మా దగ్గర నెల రోజులు ఉన్నారు. ఒకరోజు ఆవిడ స్నానం చేస్తుండగా పక్క బాత్రూంలో మా అబ్బాయి ఫ్లష్ నొక్కాడు, అంతే, "అమ్మో, కాలిపోతోంది" అని కేక. తలుపు తీశాక చూస్తే భుజం మీద ఎర్రగా కందిపోయి ఉంది. అప్పటిదాకా మేమంతా ఆ సెగ తగలగానే గోడవైపు జరిగి సర్దుకుపోయేవాళ్ళం. డెబ్బై ఏళ్ళ మనిషి అంత వేగంగా జరగలేదు కదా. గీజర్‌లో 60 డిగ్రీలున్న నీళ్ళు నేరుగా ఒంటి మీద పడితే కొన్ని సెకన్లలోనే చర్మం కాలిపోతుంది. అందుకే దీని అంతు చూడాలని కూర్చున్నాను.

లక్షణం ఏమిటో ముందు సరిగ్గా చూడండి

వేరే ట్యాప్ తిప్పితే షవర్ ఎటు మారుతోంది? ఫ్లష్ నొక్కినప్పుడో, హెల్త్ ఫాసెట్ వాడినప్పుడో షవర్ వేడెక్కితే, చన్నీళ్ళ వైపు ప్రెజర్ పడిపోతోందని అర్థం. వంటింట్లో వేడినీళ్ళ ట్యాప్ తిప్పగానే షవర్ చల్లబడితే, వేడినీళ్ళ వైపు పడిపోతోంది. వేడి మారకుండా ధార మాత్రం సన్నబడితే రెండు వైపులా ఒకేలా తగ్గుతోందన్నమాట. గీజర్ అదే బాత్రూంలో ఉండి, దానికి నీళ్ళు అదే పైపు నుంచి వస్తుంటే ఎక్కువగా ఇలాగే ఉంటుంది, దానికి నేను కింద చెప్పే ప్రెజర్ బ్యాలెన్సింగ్ కార్ట్రిడ్జ్‌తో, అంటే షవర్ మిక్సర్ లోపల ఉండి వేడినీళ్ళ, చన్నీళ్ళ ప్రెజర్‌ని సమం చేసే భాగంతో, పనిలేదు.

మా ఇంట్లో గీజర్ యుటిలిటీ బాల్కనీలో ఉంది, రెండు బాత్రూంలకూ వంటింటికీ అదొక్కటే. దానికి నీళ్ళు ఇంట్లోకి మెయిన్ పైపు వచ్చేచోటే విడిపోతాయి. బాత్రూంల చన్నీళ్ళు మాత్రం ఒకే అరంగుళం పైపులో వెళ్ళి, దారిలో రెండు ఫ్లష్ ట్యాంకులకూ రెండు హెల్త్ ఫాసెట్లకూ పంచుకుంటాయి. పైపులో నీళ్ళ వేగం రెట్టింపైతే రాపిడికి పోయే ప్రెజర్ దాదాపు నాలుగింతలవుతుంది కాబట్టి, ఫ్లష్ ట్యాంకు నిండుతున్నంతసేపూ షవర్‌కి చన్నీళ్ళు కరువైపోతాయి. వేడినీళ్ళ దారి వేరు గనక వాటికేం తేడా రాదు.

బకెట్ పరీక్ష

ఇది ఊహ కాదని తేల్చుకోవడానికి 10 లీటర్ల బకెట్, ఫోన్‌లో టైమర్ చాలు. గోడలో వేడినీళ్ళూ చన్నీళ్ళూ కలిపి షవర్‌కో కింది స్పౌట్‌కో పంపేది డైవర్టర్. దాని కింద ఉండే స్పౌట్ నుంచి పూర్తి చన్నీళ్ళు వదిలి, బకెట్ ఎంతసేపటికి నిండుతుందో చూడండి. ఇంకొకరిని ఫ్లష్ నొక్కమని మళ్ళీ పట్టండి. వేడినీళ్ళతోనూ ఇదే చేయండి. మా ఇంట్లో చన్నీళ్ళు మామూలుగా 60 సెకన్లు, ఫ్లష్ నడుస్తుంటే 100 సెకన్లు. వేడినీళ్ళు 75 ఉన్నది 77 అయింది, అంతే. అంటే చన్నీళ్ళు నలభై శాతం తగ్గుతున్నాయి, వేడినీళ్ళు తగ్గట్లేదు.

దీన్ని షవర్‌కి వేసి చూడండి. నిమిషానికి 60 డిగ్రీల నీళ్ళు 4 లీటర్లు, 24 డిగ్రీల నీళ్ళు 5 లీటర్లు కలిస్తే సరిగ్గా 40 డిగ్రీలు, హాయిగా ఉంటుంది. ఆ 5 లీటర్లు 3 అయిపోతే 44.6 డిగ్రీలు. అంకెల్లో నాలుగున్నరే, కానీ ముసలివాళ్ళకీ చిన్నపిల్లలకీ అది చాలా ఎక్కువ.

ముందు ఖర్చు లేని పనులు

ఫ్లష్ ట్యాంకు కింద గోడలో యాంగిల్ కాక్ ఉంటుంది. దాన్ని కొంచెం కొంచెంగా బిగిస్తూ, ట్యాంకు నిండడానికి రెండు మూడు నిమిషాలు పట్టేలా పెట్టండి. నెమ్మదిగా నిండితే వచ్చే నష్టమేమీ లేదు, షవర్ మీద భారం మాత్రం బాగా తగ్గుతుంది. రెండోది, గీజర్ థర్మోస్టాట్ 60 నుంచి 50కి తగ్గించండి. అప్పుడు అదే 40 డిగ్రీలకు వేడినీళ్ళు ఎక్కువ, చన్నీళ్ళు తక్కువ కలుపుతాం, కాబట్టి చన్నీళ్ళు అంతే శాతం తగ్గినా షవర్ 43 దగ్గరే ఆగుతుంది. ఈ రెండూ చేశాక మా ఇంట్లో సగం బాధ తీరింది. కానీ హెల్త్ ఫాసెట్ వాడినప్పుడు ఇంకా సెగ తగిలేది.

ప్రెజర్ బ్యాలెన్సింగ్ కార్ట్రిడ్జ్ ఏం చేస్తుంది

మామూలు డైవర్టర్ కార్ట్రిడ్జ్‌లో రెండు సిరామిక్ బిళ్ళలుంటాయి, మీరు పెట్టిన మేరకు రంధ్రాలు తెరిచి ఉంచడమే వాటి పని. ప్రెజర్ బ్యాలెన్సింగ్ దానిలో అదనంగా వేలంత చిన్న పిస్టన్ ఒకటి ఉంటుంది, దానికి ఒకవైపు వేడినీళ్ళ ప్రెజర్, ఇంకోవైపు చన్నీళ్ళ ప్రెజర్ తగులుతుంటాయి. చన్నీళ్ళు తగ్గగానే అవతలి ప్రెజర్ పిస్టన్‌ని నెట్టేస్తుంది, అది జరిగి వేడినీళ్ళ దారిని కూడా అదే మేరకు మూస్తుంది. కరెంటు లేదు, సెన్సర్ లేదు, క్షణంలో జరిగిపోతుంది. చన్నీళ్ళు పూర్తిగా ఆగిపోతే వేడినీళ్ళు కూడా దాదాపు ఆగిపోతాయి, అన్నిటికంటే నాకు నచ్చింది ఇదే. అమెరికా ప్రమాణం ఏఎస్‌ఎస్‌ఈ 1016 ప్రకారం ప్రెజర్ సగానికి పడిపోయినా వేడి 2 డిగ్రీలకు మించి మారకూడదు.

ఒకటి గుర్తుంచుకోండి, ఇది వేడిని కొలవదు, ప్రెజర్‌నే చూస్తుంది. గీజర్‌లో వేడినీళ్ళు అయిపోతే షవర్ చల్లబడుతుంది, కార్ట్రిడ్జ్ ఏమీ చేయలేదు. వేడిని కూడా పట్టుకోవాలంటే థర్మోస్టాటిక్ మిక్సర్ కావాలి, దాని ధర వేరు.

ఇంకో పరిమితి ఇక్కడి ఇళ్ళలో తరచూ కనిపిస్తుంది. చన్నీళ్ళకు ప్రెజర్ పంపు, వేడినీళ్ళకు మేడ మీద సోలార్ ట్యాంకు. ట్యాంకు షవర్ కంటే 4 మీటర్లే ఎత్తులో ఉంటే వచ్చేది 0.4 బార్, పంపు 1.5 బార్ ఇస్తుంటే పిస్టన్ ఎప్పుడూ ఒక కొసకు అంటుకుపోయి ఉంటుంది, కదలడానికి చోటే ఉండదు, షవర్ ధార కూడా బాగా సన్నబడుతుంది. పంపు ఆగి మళ్ళీ మొదలైన ప్రతిసారీ, ఎవరూ ఏ ట్యాప్ తిప్పకపోయినా, వేడి మారుతుంటే మీది ఇదే కేసు. ముందు రెండు వైపులా ప్రెజర్ దగ్గర దగ్గరగా చేసుకోవాలి, కార్ట్రిడ్జ్ తర్వాత. కొనేటప్పుడు డబ్బా మీద కనీస ప్రెజర్ ఎంతో చూడండి.

మార్చేటప్పుడు

మీ డైవర్టర్ బాడీకి సరిపోయే ప్రెజర్ బ్యాలెన్సింగ్ కార్ట్రిడ్జ్ ఆ కంపెనీ చేస్తోందో లేదో ముందే కనుక్కోండి. సైజు ఒకటే అని ఏదో ఒకటి పెడితే లీకవుతుంది. మాదానికి దొరకలేదు, బాడీయే మార్చాల్సి వచ్చింది, నాలుగు టైల్స్ పగిలాయి. మార్చాక ఫ్లష్ నొక్కి థర్మామీటర్‌తో చూశాను: ధార కాస్త సన్నబడింది, 40 ఉన్నది 41 అయ్యి మళ్ళీ 40కి వచ్చింది.

బోరు, ట్యాంకర్ నీళ్ళు వాడేవాళ్ళకు ఏడాది రెండేళ్ళలో పిస్టన్ మీద తెల్లగా ఉప్పు పేరుకుని బిగుసుకుపోవచ్చు. అప్పుడు పాత బాధ తిరిగొస్తుంది, లేదా ఎటు తిప్పినా ఒక వైపు నీళ్ళే వస్తాయి. వాల్వు కట్టేసి, కార్ట్రిడ్జ్ బయటికి తీసి చెవి దగ్గర ఊపండి. లోపల టకటక కదిలితే పిస్టన్ బాగానే ఉన్నట్టు. చప్పుడు లేకపోతే వెనిగర్‌లో గంటసేపు నానబెట్టి, మంచినీళ్ళతో కడిగి, మళ్ళీ ఊపండి. స్క్రూడ్రైవర్‌తో పొడవద్దు, గీత పడితే ఇక పనికిరాదు. రబ్బరు రింగులకు వాజలైన్ కాకుండా సిలికాన్ గ్రీజు రాయండి.

బిగించాక హ్యాండిల్ కింద ఉండే చిన్న ప్లాస్టిక్ రింగు, అంటే వేడి హద్దు పెట్టేది, సరిచేయడం మర్చిపోకండి. హ్యాండిల్ పూర్తిగా వేడివైపు తిప్పి కాసేపు వదిలి థర్మామీటర్ పెట్టండి, 49 దాటితే ఒక్కో పన్ను చొప్పున రింగుని చల్లవైపు జరపండి. చలికాలం, ఎండాకాలం చన్నీళ్ళు మారతాయి కాబట్టి మేము ఏడాదికి రెండుసార్లు దీన్ని చూసుకుంటున్నాం, అత్తయ్య వచ్చే ముందు ఒకసారి తప్పకుండా.