పందుల స్లయిడ్ కోనసీమలో ఎందుకు పనిచేయలేదు: సమస్య - పరిష్కారం

డిగ్రీ ఆర్థికశాస్త్రంలో సాలెగూడు నమూనా అనే పాఠం ఉంది. ఈ పంటకు వచ్చిన ధర చూసి వచ్చే పంట ఎంత వేయాలో రైతు నిర్ణయించుకుంటే, ధరా దిగుబడీ ఒకదాన్నొకటి తరుముతూ పైకీ కిందికీ ఊగుతాయన్నది దాని సారాంశం. నాకు చేతికొచ్చిన స్లయిడ్లు అమెరికా పాఠ్యపుస్తకాన్ని చూసి తయారుచేసినవి. ఉదాహరణ పందులు, కొలత పౌండ్లు, ధర డాలర్లు. డెల్టా పిల్లలకు తగ్గట్టు వాటిని మార్చబోయి నాలుగు చోట్ల బోల్తా పడ్డాను.

లక్షణం 1: పిల్లలు గ్రాఫు చూడరు, పందుల గురించి గుసగుసలాడుకుంటారు

కారణం కేవలం నవ్వు కాదు. ఆ ఉదాహరణలో అసలు పని చేసేది ఆలస్యం. ఆడపంది చూలు 114 రోజులు, పుట్టిన పిల్ల అమ్మకానికి ఎదగడానికి ఇంకో ఆరు నెలలు. అంటే ఈ రోజు ధర చూసి తీసుకున్న నిర్ణయం సంతలోకి రావడానికి దాదాపు పది నెలలు. అమెరికా పల్లెలో పెరిగిన కుర్రాడికి ఇది చెప్పక్కరలేదు కాబట్టి స్లయిడ్‌లో రాయలేదు. మా పిల్లలకు ఆ కబురు అందలేదు, బాణం గుర్తులు మాత్రం అందాయి.

పరిష్కారం: ఉదాహరణ మార్చే ముందే, అది మౌనంగా మోస్తున్న విషయాన్ని ఒక వాక్యంలో రాసుకోవాలి. నేను రాసుకున్నది ఇది: "నిర్ణయం ఇప్పుడు, సరుకు పది నెలల తర్వాత." ఇక వెతకాల్సింది పందికి బదులు మరో జంతువును కాదు, ఈ వాక్యానికి సరిపోయే సరుకును.

లక్షణం 2: మన ఉదాహరణ పెట్టాక తరగతి మొత్తం వాదనకు దిగుతుంది

నాకు ఎక్కువ సమయం పట్టింది ఇక్కడే. మొదట తట్టింది రొయ్య. సగం మంది ఇళ్లలో చెరువుల మాటలే కదా అనుకుని, పంది ఉన్న చోట వనామి పెట్టేశాను. మూడో బెంచీ కుర్రాడు లేచి, "మేం ఎక్కువ సీడ్ వేస్తే ధర పడదు సార్. అమెరికాలో కొనకపోతే పడుతుంది" అన్నాడు. తప్పు నాదే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, ఆ దెబ్బకూ ఇక్కడ ఎన్ని చెరువులు తవ్వారన్నదానికీ సంబంధం లేదు. సరుకు తెలిసినదే, కాని నమూనా పనిచేయడానికి కావలసిన ఒక ఇరుసు అందులో లేదు.

అందుకే నాలుగు ప్రశ్నలు పెట్టుకున్నాను. రైతు ఇప్పటి ధర చూసి నిర్ణయిస్తాడా? నిర్ణయానికీ దిగుబడికీ మధ్య నెలల తరబడి దూరం ఉందా? పంట చేతికొచ్చాక దాచకుండా అమ్మక తప్పదా? ఆ ధరను ప్రధానంగా ఈ ప్రాంతపు దిగుబడే నిర్ణయిస్తుందా?

వరి నాలుగో ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. సాధారణ రకానికి 2025-26లో కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. కొనుగోలు కేంద్రంలో అది అచ్చంగా దక్కకపోవచ్చు, అయినా ధర పూర్తిగా దిగుబడి చేతిలో లేదు. కొబ్బరి మొదటి ప్రశ్నకే పోయింది. ఈ ఏడాది ధర బాగుందని ఎవరూ చెట్టును రెట్టింపు కాయించలేరు. కడియం ప్రాంతపు పూలు దాచలేని సరుకే గాని, వాటి ధరను ముహూర్తాలు ఆడిస్తాయి. ఊగేది గిరాకీ, దిగుబడి కాదు. గిరాకీ రేఖ జరగడం గురించిన వేరే పాఠానికి వాటిని దాచిపెట్టాను.

చివరికి నిలిచింది కంద. నాటాక తవ్వడానికి సుమారు ఎనిమిది నెలలు, పందికి దగ్గరి లెక్కే. పక్క చేనువాడు బాగా గడించాడని మరుసటి ఏడు కంద వేసినవాళ్లు తరగతిలో ప్రతి వరుసలోనూ ఉన్నారు. అంకెలు మాత్రం నావే, నోటితో లెక్క తేలేలా ఎంచుకున్నవి. Q అంటే గిరాకీ లేదా దిగుబడి, లారీల్లో; P అంటే ధర, కిలోకు రూపాయల్లో:

```
Q = 100 - 2P          (గిరాకీ)
Q = 10 + P(గత పంట)    (దిగుబడి)
```

ధర 30 దగ్గర రెండూ సరిపోతాయి, 40 లారీలు. ఒక ఏడు ఏదో కారణంతో ధర 40 పలికిందనుకుందాం. అది చూసి రైతులు వేసిన పంట 50 లారీలు. అంత సరుకు అమ్ముడుపోవాలంటే ధర 25కు దిగాలి. ఆ 25 చూసి భయపడి వేస్తే వచ్చేది 35 లారీలు, అప్పుడు ధర 32.50కు ఎక్కుతుంది. ఆ తర్వాత 42.5 లారీలు, ధర 28.75. ఊగిసలాట ప్రతి పంటకూ సగం అవుతోంది. ఈ అంకెలను పిల్లలే బోర్డు మీద చుక్కలు పెట్టి కలిపితే సాలెగూడు వాళ్ల చేతి కిందే పడుతుంది. రెండు సూత్రాల్లోనూ P ముందున్న అంకెలను తారుమారు చేసి, స్థిరాంకాలను 70, -20గా మార్చమన్నాను. అదే 30 దగ్గర రెండూ సరిపోయినా, ధర అక్కణ్నుంచి కదిలితే ఈసారి ఊపు ప్రతి పంటకూ రెట్టింపవుతుంది. ఎందుకన్నది వాళ్లే కనుక్కున్నారు: ధరకు కొనేవాళ్ల కన్నా వేసేవాళ్లు ఎక్కువగా స్పందిస్తే గూడు విచ్చుకుపోతుంది.

కందలోనూ లోపం ఉంది, దాన్ని దాచకూడదు. ధర లేకపోతే దుంపను కొంతకాలం భూమిలోనే ఉంచవచ్చు కాబట్టి మూడో ప్రశ్నకు జవాబు సగమే అవును. ఆ మాట స్లయిడ్ కింద చిన్న అక్షరాల్లో కాదు, పైనే రాశాను.

లక్షణం 3: ధరలు వింతగా కనిపిస్తాయి

ఇది చిన్నది. డాలరును రూపాయల్లోకి గుణిస్తే పది డాలర్ల భోజనం మా ఊళ్లో ఎవరూ తినని ధరకు చేరుతుంది. గాలన్‌ను 3.785 లీటర్లుగా మారిస్తే మరో చిక్కు: గీత వాలు మారిపోతుంది, కాని ధర ఒక శాతం మారితే గిరాకీ ఎన్ని శాతాలు మారుతుందో చెప్పే వ్యాకోచత్వం మారదు. అందుకే శాతాలను అలాగే ఉంచి, ధరలను స్థానికంగా కొత్తగా రాయాలి. గుణకార పట్టిక అక్కరలేదు.

లక్షణం 4: పిల్లలు పరీక్షలో "కోనసీమ కందపై జరిపిన పరిశోధన" అని రాస్తారు

నవ్వొచ్చింది, తర్వాత గుబులు పుట్టింది. కారణం స్లయిడ్‌లోనే ఉంది: నేను కల్పించిన అంకెలకూ చరిత్రలో నిజంగా జరిగినదానికీ ఒకే రంగు, ఒకే అక్షరాలు.

పందుల ధరల చక్రాన్ని 1920లలో జర్మనీలో ఆర్థర్ హనావు లెక్కలు కట్టి చూపించాడు. సాలెగూడు అన్న పేరు పెట్టింది నికొలస్ కాల్డోర్, 1934లో. ఈ రెండు వాక్యాల్లో పందులు పందులుగానే ఉండాలి, వాటి స్థానంలో కంద రాకూడదు. ఇప్పుడు నా స్లయిడ్ రెండు ముక్కలు: ఎడమవైపు పేరు, ఏడు, దేశంతో చరిత్ర. కుడివైపు పసుపు పెట్టెలో కంద, పెట్టె నెత్తిన "ఊహించిన అంకెలు" అన్న ముద్ర.

కిందటి తరగతిలో ఒక అమ్మాయి, "విత్తనం కూడా కందే కదా సార్, ధర పెరిగితే నాటే ఖర్చూ పెరగదా?" అని అడిగింది. పెరుగుతుంది. అంటే ధర ఎక్కినంత జోరుగా రైతు సాగు పెంచలేడు, దిగుబడి సూత్రంలో P ముందున్న అంకె ఒకటి కన్నా తగ్గాలి. ఒకటికి బదులు 0.6 వేసి, 30 దగ్గరే కలిసేలా స్థిరాంకాన్ని 22 చేసి మళ్లీ గీయమన్నాను. రెండో చుక్కకే గూడు బిగుసుకుంది.