గట్టు కేసు అఫిడవిట్‌ను మూడు రంగులతో సరిచేశాను

పొలం గట్టు తగాదాలో తాత్కాలిక ఇంజంక్షన్ కోసం నేను రాసిన అఫిడవిట్‌లో ఒక పేరా ఇలా ఉండేది: "ప్రతివాది దురుద్దేశంతో గట్టు తవ్వించాడు, మళ్లీ తవ్విస్తాడు, ప్రాథమికంగా కేసు నాకే అనుకూలం." మా సీనియర్ గారు ఒక్కటే అడిగారు: "ఇందులో మీ రైతు కళ్లారా చూసినది ఏది?"

మూడు రంగుల పెన్సిళ్లు తీసుకుని కూర్చున్నాను: చూసినదానికి ఒకటి, విని నమ్మినదానికి ఒకటి, వాదనకు ఒకటి. రైతు చూసినది: ఫలానా ఉదయం ఇద్దరు కూలీలు తూర్పు గట్టును సుమారు పది అడుగుల మేర తవ్వడం. అది తేదీతో విడి పేరా అయింది. తవ్వించింది ప్రతివాదేనని కూలీల్లో ఒకడు చెప్పగా విన్నాడు, అంతే. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 19 రూల్ 3 ప్రకారం మధ్యంతర దరఖాస్తుల్లో నమ్మకాన్నీ చెప్పవచ్చు, కానీ దానికి ఆధారం చూపాలి. అందుకే "ఫలానా కూలీ చెప్పినందువల్ల నమ్ముతున్నాను" అని పేరుతో సహా రాశాను. "మళ్లీ తవ్విస్తాడు" అన్న భయానికీ ఆధారం దొరికింది: గట్టు పక్కన దించిన రాళ్లు. "దురుద్దేశం" కొట్టేశాను.

"ప్రాథమికంగా అనుకూలం" వాదనకు పోయింది. దాని స్థానంలో పాసుపుస్తకం, పహాణీ నకళ్లు, కోతకు రాని వరి వచ్చాయి.

చివరి ధ్రువీకరణలో "అన్నీ నాకు తెలిసినంతవరకు నిజం" అన్న పాత వాక్యం తీసేసి, స్వయంగా తెలిసిన పేరాల నంబర్లు, విని నమ్మిన వాటి నంబర్లు వేరుగా రాశాను.