లేహ్‌లో దిగాక అన్నం సయించట్లేదా? లోపం కడుపులో లేదు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి లద్దాఖ్ వెళ్లేవాళ్లది దాదాపు ఒకటే దారి. రైల్లో భువనేశ్వర్, అక్కణ్ణుంచి ఢిల్లీ, తెల్లవారుజామున లేహ్ విమానం. నిన్న గోపాలపురం సముద్రపు గాలి పీల్చిన మనిషి ఇవాళ 3,500 మీటర్ల ఎత్తులో టీ తాగుతుంటాడు. మధ్యాహ్నం దాకా హుషారుగానే ఉంటాడు. సాయంత్రానికి తల బరువెక్కుతుంది, రాత్రి కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగదు. ఇంట్లో అలవాటు కొద్దీ ముందు గ్యాస్ మాత్ర ఇస్తారు. తప్పు అక్కడే మొదలవుతుంది.

కొరాపుట్ వాళ్లు "మాకేంటి, మేం కొండలవాళ్లమేగా" అంటుంటారు. కొరాపుట్ పట్నం ఎత్తు 900 మీటర్లకు లోపే. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన దేవమాలి కూడా 1,672 మీటర్లే. ఈ ఇబ్బంది మొదలయ్యేది సుమారుగా 2,500 మీటర్లు దాటాక కాబట్టి మన కొండల అలవాటు అక్కడ పనికిరాదు.

లక్షణం: ఆకలి లేదు, వికారం మాత్రం లేదు

రెండు ముద్దలకే కడుపు నిండినట్టుంటుంది. పొట్ట ఉబ్బుతుంది, తేన్పులు వస్తాయి. తలనొప్పి ఉండదు, లేదా నామమాత్రంగా ఉంటుంది.

కారణాలు రెండు. ఒకటి గాలి ఒత్తిడి. ఇంటినుంచి తెచ్చిన జంతికల ప్యాకెట్‌ను లేహ్‌లో సంచిలోంచి తీసి చూడండి, బూరెలా ఉబ్బి ఉంటుంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదాంట్లో దాదాపు మూడింట రెండొంతులే కాబట్టి లోపలి గాలి ఒకటిన్నర రెట్లు వ్యాకోచిస్తుంది. పేగుల్లోని గాలి చేసేదీ అదే. రెండోది ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్. ఆక్సిజన్ తగ్గితే అది కూడా తగ్గుతుంది. అంటే కడుపు ఖాళీగా ఉన్నా, ఖాళీ అయిందన్న కబురు మెదడుకు అందదు.

దీనికి మందు అక్కర్లేదు. ఆకలి కోసం ఎదురుచూడకుండా గడియారం చూసి తినాలి. రెండు మూడు గంటలకోసారి గుప్పెడు మరమరాలో, అటుకులో, అరటిపండో, చిన్న గ్లాసు చోడి అంబలో తీసుకుంటే చాలు. ఇవన్నీ పిండిపదార్థాలు. ఒకే శక్తి ఇవ్వడానికి కొవ్వు కంటే తక్కువ ఆక్సిజన్ వాడుకుంటాయి, కడుపులోంచి త్వరగా కిందికి దిగుతాయి. పూరీలు, నూనె తేలే ఆవకాయ, వేయించిన అప్పడాలు ఇందుకు పూర్తిగా విరుద్ధం. బరంపురం అప్పడాలు సంచిలో పెట్టుకెళ్లడం మానమని చెప్పినా ఎవరూ వినరు, కనీసం మూడో రోజుకు దాచుకోండి.

అన్నం సంగతి వేరు. లేహ్‌లో నీళ్లు సుమారు 88 డిగ్రీలకే మరుగుతాయి. మూతపెట్టిన మామూలు గిన్నెలో వండితే మెతుకు పైకి ఉడికినట్టు కనిపిస్తుంది, వేళ్ల మధ్య నలిపితే నడుమ తెల్లటి పలుకు తగులుతుంది. ఉబ్బరం ఉన్న కడుపుకు అది మరింత భారం. కుక్కర్లో వండిందేనా అని అడిగి తినండి, లేదంటే అక్కడ దొరికే తుక్పా అనే నూడుల్స్ చారు తాగండి.

లక్షణం: తలనొప్పి, దాంతో పాటు వికారం

అసలు సమస్య ఇది. చేరిన 6 నుంచి 12 గంటల్లో తలనొప్పి మొదలై, వెనకే వికారమో వాంతో, నీరసమో, తల తిరగడమో వస్తే దాన్ని ఎత్తు జబ్బుగానే లెక్కించాలి. కాదని తేలేదాకా అదే అనుకోవడం క్షేమం.

లోపల జరిగేది ఇది. ఆక్సిజన్ తగ్గిందని మెడలోని రక్తనాళాల దగ్గరుండే గ్రాహకాలు గుర్తిస్తాయి, ఊపిరి వేగం పెరుగుతుంది. వేగంగా ఊపిరి తీస్తే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. అప్పుడు మెదడు "ఇక చాలు" అని ఊపిరికి కళ్లెం వేస్తుంది. మూత్రపిండాలు అదనపు క్షారాన్ని బయటికి పంపి ఈ చిక్కు విప్పాలి, ఆ పనికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఈలోగా రాత్రి నిద్రలో ఊపిరి కాసేపు ఆగుతూ, మళ్లీ ఎగశ్వాసగా అందుకుంటూ ఉంటుంది. ఆక్సిజన్ అన్నిటికంటే కిందికి పడేది అప్పుడే. చాలామందికి తెల్లవారి లేచేసరికి తలనొప్పి, వికారం ఎక్కువగా ఉండేది ఇందుకే. వాంతి వచ్చేది నోటినుంచే అయినా దాన్ని పుట్టిస్తున్నది ఆక్సిజన్ చాలని మెదడు. అందుకే గ్యాస్ మాత్ర పనిచేయదు. వాంతులాపే మాత్ర వాంతిని ఆపుతుంది గానీ జబ్బును ఆపదు, "తగ్గిపోయింది" అనిపించి ఇంకా పైకి ఎక్కనిస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. బరంపురం నుంచి 58 ఏళ్ల తండ్రి, కొడుకు, కోడలు ఉదయం ఏడున్నరకు లేహ్‌లో దిగారు. మధ్యాహ్నం పూరీ కూర తిని, నాలుగింటికి శాంతి స్తూపం మెట్లెక్కారు. ఎనిమిదింటికి తండ్రి పడుకునే ఉన్నాడు.

"నాన్నా, రెండు ముద్దలు తిను."

"వద్దురా, అన్నం వాసనకే తిప్పుతోంది. కణతలు పగిలిపోతున్నాయి."

పదకొండింటికి ఒక వాంతి అయింది. మర్నాడు పొద్దున ఖర్దుంగ్ లా కనుమ మీదుగా నుబ్రా లోయకు కారు మాట్లాడి ఉంది.

వైద్యులు వాడే లేక్ లూయిస్ లెక్కతో దీన్ని తూచవచ్చు. తలనొప్పి, కడుపు, నీరసం, తలతిప్పు అనే నాలుగింటికీ 0 నుంచి 3 దాకా అంకెలు వేస్తారు. తలనొప్పి ఉండి మొత్తం 3 గానీ పైన గానీ వస్తే ఎత్తు జబ్బే. ఈయనకు ఓ మోస్తరు తలనొప్పికి 2, వాంతికి 2, నీరసానికి 1, తలతిప్పుకు 0, మొత్తం 5. అంటే జబ్బు ఉంది, ఇంకా తేలిక దశలోనే ఉంది. తర్వాత గదిలో ఒక గచ్చు గీత మీద మడమకు వేళ్లు ఆనిస్తూ పది అడుగులు నడిపించారు. తూలలేదు, కూర్చున్నప్పుడు ఆయాసం లేదు. కాబట్టి ఆ రాత్రికి అక్కడే ఉండొచ్చు.

మొదట చేయాల్సింది పొద్దుటి కారు రద్దు చేయడం. ఖర్దుంగ్ లా 5,300 మీటర్ల పైన ఉంది. ఈ స్థితిలో అక్కడికి వెళ్లడమే అన్నిటికంటే పెద్ద తప్పు. తర్వాత తలకింద రెండు దిండ్లు పెట్టి పడుకోబెట్టాలి. వాంతయిన పావుగంట తర్వాత ఒక లీటరు నీళ్లలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి, గ్లాసుతో కాకుండా చెంచాతో నిమిషానికో రెండు చెంచాలు పట్టాలి. గటగటా తాగిస్తే అదీ బయటికొస్తుంది. అది నిలిచాక తలనొప్పికి 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఇవ్వాలి. ఖాళీ కడుపున ఐబుప్రోఫెన్ ఇస్తే మంట తోడవుతుంది.

ఈయనకు షుగర్ కూడా ఉందనుకోండి. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని అన్నం తినకపోతే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, వికారం వస్తాయి. ఎత్తు జబ్బుతో కలిసిపోయి అది కనిపించదు. వేలికి పొడిచి ఒకసారి చూసుకుని, ఆ పూట మాత్ర విషయం ఊళ్లో చూసే డాక్టర్‌ను ఫోన్లో అడగాలి.

మామూలుగా రెండో రోజు సాయంత్రానికి తేరుకుంటారు. మాత్ర లేకుండానే తలనొప్పి పోయి, తనంతట తాను తినడానికి అడిగితే అది నమ్మదగ్గ గుర్తు. ఒక రోజంతా అలా గడిచాకే పైకి. ఎక్కకుండా, విశ్రాంతిగా ఉన్నా ముదురుతుంటే ఆసుపత్రికి తీసుకెళ్లి ఆక్సిజన్ పెట్టించాలి. అంగట్లో అమ్మే చిన్న డబ్బా ఆక్సిజన్ కొన్ని నిమిషాల ఊరటే, వైద్యం కాదు. వేలికి పెట్టే ఆక్సిమీటర్‌లో కొత్తవాళ్లకు 85, 90 మధ్య కనిపించడం లేహ్‌లో మామూలే. చేయి చల్లగా ఉంటే ఇంకా తక్కువ చూపుతుంది. అంకెను కాదు, మనిషిని చూడండి.

అచ్చం ఇలాగే కనిపించే వేరే కారణాలు

ఘాట్ రోడ్డు తిప్పుడైతే కారు దిగిన గంటా రెండు గంటల్లో పోతుంది. విరేచనాలు, జ్వరం ఉంటే అది తిండి తేడా, ఎత్తు జబ్బు ఆ రెండూ తేదు. రోజుకు మూడు కాఫీలు తాగేవాళ్లు అక్కడ మానేస్తే దానికీ తలనొప్పి వస్తుంది, ఒక కాఫీతో తేలిపోతుంది. ప్రమాదకరమైంది ఒకటుంది. తలుపులు బిగించిన గదిలో బొగ్గో గ్యాస్ హీటరో వెలుగుతూ, అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం మొదలైతే విషవాయువని అనుమానించండి. ముందు బయటికి రండి, ఆలోచన తర్వాత.

ఆగకుండా కిందికి దిగాల్సిన గుర్తులు

గీత మీద నడవలేక తూలడం, మాట తడబడడం, పిలిస్తే మత్తుగా పలకడం మెదడు వాపుకు గుర్తులు. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు ఊపిరితిత్తుల్లో నీరు చేరడానికి గుర్తులు. ఇవి కనిపిస్తే తెల్లారేదాకా చూడకూడదు. పాంగాంగ్ సరస్సు నుంచైతే లేహ్ తక్కువ ఎత్తే గానీ దారిలో చాంగ్ లా కనుమ దాటాలి. ఆక్సిజన్ సిలిండర్ లేకుండా ఆ దారి పట్టకండి.

వెళ్లకముందే సరిచేసుకునే లోపం

చాలా ప్యాకేజీల్లో రెండో రోజే నుబ్రా, మూడో రోజు పాంగాంగ్ ఉంటాయి. నుబ్రాలో హుందర్ సుమారు 3,100 మీటర్లు, లేహ్ కంటే తక్కువే, రాత్రి పడకకు ఫరవాలేదు. పాంగాంగ్ 4,200 మీటర్ల పైన. పడుకునే ఎత్తు ఒక్క రాత్రిలో వెయ్యి మీటర్లకు పైగా పెరుగుతుంది. 3,000 దాటాక రోజుకు 500 మీటర్లకు మించకూడదన్నది నియమం. లేహ్‌లోనే రెండు పూర్తి రోజులు ఉండి, పాంగాంగ్‌ను పగటిపూట చూసి తిరిగి రావడం మేలు. సమయం ఉంటే విమానం వదిలి శ్రీనగర్ నుంచి కార్గిల్ మీదుగా రోడ్డున వెళ్లండి. కార్గిల్‌లో రాత్రి సుమారు 2,700 మీటర్ల దగ్గర పడుకోవడం శరీరానికి మెట్టులా పనికొస్తుంది.

విమానంలోనే వెళ్లక తప్పకపోతే డాక్టర్‌ను అడిగి అసిటజోలమైడ్ రాయించుకోండి. ముందు రోజు నుంచే 125 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రెండు పూటలా, చేరాక రెండు రోజుల దాకా వేసుకోవడం వాడుక. పైన చెప్పిన క్షారాన్ని మూత్రపిండాలు త్వరగా పంపేలా చేసేది ఇదే. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే చెప్పాలి. వేళ్ల చివర్లు చిమచిమలాడతాయి, మూత్రం ఎక్కువసార్లు వస్తుంది, సోడా, కూల్‌డ్రింకు రుచి చప్పబడి వింతగా ఉంటుంది. వీటికి భయపడి మధ్యలో మానకండి.