వానాకాలం క్యాంపింగ్‌కు టెంట్ ఎలా ఎంచుకోవాలి?

టెంట్‌లో పడుకున్నవాళ్లు తడిసిపోవడానికి పైనుంచి పడే వాన ఒక్కటే కారణం కాదు. నేలలోంచి ఊరే నీళ్లున్నాయి, లోపలున్న మనుషులు వదిలే ఊపిరి ఉంది. కొనేటప్పుడు మాత్రం చాలామంది 'వాటర్‌ప్రూఫ్' అన్న మాట కనబడగానే డబ్బులు కట్టేస్తారు. ఓ మాదిరి ధరలో దొరికే టెంట్లు కూడా వానను బాగానే ఆపుతాయి. ఇబ్బంది పెట్టేవి మిగతా రెండే.

ఆగస్టులో ఇద్దరు స్నేహితులు అరకు వైపు వెళ్లి రెండు రాత్రులు టెంట్‌లో ఉండాలనుకున్నారనుకుందాం. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, మేఘం నేలకు దిగినట్టుండే ముసురు, చిత్తడి నేల. వాళ్లు ఎలాంటి టెంట్ కొనాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

1. ఒక పొరా, రెండు పొరలా?

సింగిల్ వాల్ టెంట్‌కు ఒకే గుడ్డ ఉంటుంది. వానను ఆపేదీ అదే, లోపల మన భుజానికి తగిలేదీ అదే. తేలిగ్గా ఉంటుంది, వేయడమూ సులువే. డబుల్ వాల్‌లో లోపల జాలీ, పల్చటి గుడ్డ కలిపి కుట్టిన గది ఉంటుంది. దానిపైన వాన ఆపే కవరు వేరేగా వస్తుంది, దీన్నే రెయిన్‌ఫ్లై అంటారు. రెండింటి మధ్యా ఖాళీ ఉంటుంది.

మన వానాకాలానికి నా ఓటు డబుల్ వాల్‌కే. ఎందుకో తెలియాలంటే ఊపిరి లెక్క చూడాలి. నిద్రలో ఒక మనిషి ఊపిరి ద్వారా, చర్మం ద్వారా రాత్రికి సుమారు పావు లీటరు నీటిని ఆవిరిగా వదులుతాడు. ఇద్దరుంటే అర లీటరు. తడిసిన బట్టలు, బూట్లు లోపల పెట్టుకుంటే ఇంకా ఎక్కువ. పొడి వాతావరణంలో ఆ ఆవిరి గాలిలో కలిసి బయటికి పోతుంది. ముసురు రాత్రి బయటి గాలే తేమతో నిండి ఉంటుంది. గాలి 22 డిగ్రీలు, తేమ 95 శాతం ఉన్నప్పుడు గుడ్డ ఒక్క డిగ్రీ చల్లబడితే చాలు, దానిమీద నీళ్లు పేరుకుంటాయి. పైన పడే వాన ఆ గుడ్డను చల్లబరుస్తూనే ఉంటుంది కదా.

అంటే చెమ్మ పట్టడం ఏ టెంట్‌లోనూ ఆగదు. అది ఎక్కడ పడుతుందన్నదే తేడా. సింగిల్ వాల్‌లో మన పక్కనే పడుతుంది, నిద్రలో దొర్లితే ఒళ్లంతా తడి. డబుల్ వాల్‌లో బయటి కవరు లోపలివైపున పట్టి, అలాగే కిందికి జారి నేలలో కలుస్తుంది. ఆవిరిని బయటికి పంపే ఖరీదైన సింగిల్ వాల్ గుడ్డలున్నాయి, కానీ అవి పనిచేయాలంటే లోపలికన్నా బయట తేమ బాగా తక్కువుండాలి. మంచు కొండల్లో సరే, మన ముసురులో వాటి పని అంతంతమాత్రమే.

2. డబుల్ వాల్ అయినా సరే, ఇవి చూడండి

షాపులో టెంట్ వేయించి, లోపల కూర్చుని రెయిన్‌ఫ్లైకీ లోపలి గుడ్డకీ మధ్య చెయ్యి పెట్టి చూడండి. నాలుగు వేళ్లు ఎక్కడా ఇరుక్కోకుండా కదలాలి. ఆ రెండూ అంటుకున్న చోటల్లా పేరుకున్న చెమ్మ లోపలికి దిగుతుంది. నైలాన్ కవరు తడిస్తే సాగి వేలాడుతుంది కాబట్టి అర్ధరాత్రి లేచి తాళ్లు బిగించాల్సి వస్తుంది. పాలిస్టర్‌తో ఆ బాధ తక్కువ.

తలుపులు మూసినా తెరిచి ఉంచగలిగే గాలి కిటికీ పైభాగంలో ఉండాలి, దానికి చిన్న చూరులాంటి గొడుగు ఉండాలి. వాన వస్తోందని అన్నీ బిగించేయడం అందరూ చేసే పనే, చెమ్మను పెంచేదీ అదే. కింద కవరు అంచు నేలకు నాలుగైదు అంగుళాల పైన ఉంటే, అక్కడినుంచి వచ్చిన గాలి పై కిటికీలోంచి పోతుంది. మరీ పైకి ఉంటే చిందే బురద లోపలికొస్తుంది. అందుకే గది గోడల కింది భాగం జాలీ కాకుండా గుడ్డ అయితే మేలు.

ఇంకో సంగతి. జోరువాన పడుతుంటే ముఖం మీద సన్నటి తుంపర్లు పడతాయి. గుడ్డలోంచి వాన దిగుతోందని టెన్షన్ పడతారు. చాలాసార్లు అది కవరు లోపల పట్టిన చెమ్మే. పెద్ద చినుకుల దెబ్బకు రాలి, జాలీలోంచి కిందపడుతుంది. తేడా తెలుసుకోవడం తేలికే: కవరు లోపలివైపు పొడిగుడ్డతో తుడవండి. మళ్లీ అంతటా ఒకేలా సన్నటి బొట్లు కమ్మితే చెమ్మ. ఒక్కచోటి నుంచి, అదీ కుట్టు వెంబడి, ధారగా వస్తే కారుతున్నట్టు. కొనేటప్పుడే కుట్ల లోపలివైపు పారదర్శకమైన టేపు అంటించారో లేదో చూసుకుంటే ఈ రెండోది రాదు.

ఇద్దరికి ముగ్గురు పట్టే టెంట్ తీసుకోండి. ఇద్దరిది అని అమ్మేదాంట్లో తలా కాళ్లూ గోడకు తగులుతాయి.

3. నేల గుడ్డకు ఎక్కువ బలం కావాలి

గుడ్డ ఎంత ఎత్తు నీటి బరువును ఆపగలదో మిల్లీమీటర్లలో రాస్తారు. రెయిన్‌ఫ్లైకి 2000 నుంచి 3000 ఉంటే మన వానకు సరిపోతుంది. నేలకు 5000 లేదా అంతకన్నా ఎక్కువ వెతకండి. 60 కిలోల మనిషి మోకాళ్ల మీద కూర్చుంటే ఆ బరువంతా సుమారు 100 చదరపు సెంటీమీటర్ల చోటులో పడుతుంది. అంటే చదరపు సెంటీమీటరుకు 0.6 కిలో, ఆరు మీటర్ల నీటి ఒత్తిడితో సమానం. కింద చిత్తడి ఉంటే పల్చటి నేల గుడ్డలోంచి నీళ్లు ఊరేది సరిగ్గా అక్కడే. పడుకుంటే బరువు పరుచుకుంటుంది కాబట్టి మందపాటి చాప ఉంటే ఒత్తిడి బాగా తగ్గుతుంది.

నేల గుడ్డ అంచులు చుట్టూ జానెడు ఎత్తున పైకి లేచి ఉండాలి. కుట్టు నేలను తాకేచోట ఉంటే ఆ టెంట్ వద్దు.

4. కింద వేసే పట్టా చిన్నదిగా ఉండాలి

టెంట్ కింద వేసే టార్పాలిన్ పట్టా పెద్దగా ఉంటే మంచిదని అనిపిస్తుంది. వానలో అదే ముంచుతుంది. రెయిన్‌ఫ్లై మీదుగా జారిన నీళ్లు బయటికి పొడుచుకొచ్చిన పట్టా మీద పడి, పట్టాకూ టెంట్ నేలకూ మధ్యకు చేరతాయి. ఇక రాత్రంతా మీరు నీళ్ల మీద పడుకున్నట్టే. పట్టాను టెంట్ నేలకన్నా నాలుగు వైపులా రెండు మూడు అంగుళాలు తక్కువగా కత్తిరించండి. కోయడం ఇష్టం లేకపోతే అంచులను కిందివైపుకు మడిచి టెంట్ కిందికి తోసేయండి, పైవైపుకు మడిస్తే నీళ్లు నిలుస్తాయి. పట్టా రాళ్లు గుచ్చుకోకుండా కాపాడుతుంది, బురద అంటనివ్వదు. పల్లంలో టెంట్ వేస్తే మాత్రం ఏ పట్టా ఆదుకోదు.

5. బయల్దేరే ముందు మేడ మీద వేసి చూడండి

టెంట్ వేసి, ఒకరు లోపల టార్చితో కూర్చోండి. ఇంకొకరు పైపుతో పావుగంటసేపు నీళ్లు కొట్టండి, ముఖ్యంగా కుట్ల మీద, జిప్పుల మీద. ఎక్కడైనా కారితే అక్కడ గుర్తు పెట్టి, గుడ్డ ఆరాక కుట్టుకు సీమ్ సీలర్ రాయాలి. గుడ్డ మీది పూతను బట్టి సీలర్ మారుతుంది, సిలికాన్ పూతకు సిలికాన్‌దే కొనండి.

పాత టెంట్ కొంటున్నా, అద్దెకు తీసుకుంటున్నా ముందు నేల గుడ్డ లోపలివైపు వేలితో రుద్ది, వాసన చూడండి. జిగురుగా తగిలి, పుల్లటి కంపు కొడితే తడిగా మడిచిపెట్టి పూత పాడుచేశారన్నమాట. పొలుసులుగా ఊడుతుంటే దాన్ని బాగుచేసే ఖర్చుతో ఇంకోటి వస్తుంది.