సైనస్ తలనొప్పా, మైగ్రేనా? తేల్చుకోవడం ఎలా?

ఒక నోట్‌బుక్, పెన్ను చాలు. ఫోన్ యాప్‌లు వద్దు. తలనొప్పి వచ్చినప్పుడు స్క్రీన్ చూడటమే కష్టం. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు తగ్గింది, ఏ మాత్ర వేసుకున్నారు, ఈ మూడూ రాయండి. రెండు నెలలు రాస్తే చాలు.

తర్వాతది ముక్కు. నేను చూసేవాళ్లలో ఎక్కువ మంది పొరపడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి. బుగ్గల దగ్గర, కళ్ల మధ్య నొప్పి, ముక్కు దిబ్బడ, కంట్లో నీళ్లు కనిపించగానే "నాకు సైనస్ ఉంది" అని తీర్మానించేస్తారు. కానీ ముఖానికి స్పర్శ తెలిపే నరమే మైగ్రేన్‌లోనూ రేగుతుంది. అది రేగితే ముక్కు లోపలి రక్తనాళాలు ఉబ్బుతాయి, కన్ను, ముక్కు కారతాయి. అంటే ముక్కు దిబ్బడ ఆ తలనొప్పిలో భాగమే కావచ్చు. అందుకే దిబ్బడ ఉందా లేదా అని కాదు, ఏం వస్తోందో చూడాలి. తెల్లటి రుమాలులో చీదండి. నీళ్లలా పల్చగా ఉంటే సైనస్ ఇన్ఫెక్షన్ అనుకోవడానికి ఆధారం లేదు. చిక్కగా, పసుపుగానో పచ్చగానో ఉండి, వాసన తెలియకపోతే, పై దవడ పళ్లు లాగుతుంటే, జ్వరం కూడా ఉంటే అప్పుడు సైనస్‌ని అనుమానించాలి. అయితే మామూలు జలుబులోనూ రంగు మారుతుంది. జలుబు పది రోజులు దాటినా తగ్గకపోవడం, లేదా తగ్గినట్టే తగ్గి మళ్లీ ముదరడం, ఇవి అసలు గుర్తులు. వంగితే నొప్పి పెరగడాన్ని మాత్రం నమ్మకండి, మైగ్రేన్‌లోనూ పెరుగుతుంది.

ఇక మూడు ప్రశ్నలు: నొప్పితో పాటు వికారం ఉందా? వెలుతురు ఇబ్బంది పెడుతుందా? గత మూడు నెలల్లో ఒక్క రోజైనా పని ఆగిపోయిందా? రెండింటికి అవునంటే మైగ్రేన్ అయ్యే అవకాశమే ఎక్కువ.

ఒకావిడ ఆరేళ్లుగా సైనస్ అనుకుంటూ యాంటీబయాటిక్స్ కోర్సు మీద కోర్సు వాడింది. మందుతో ప్రతిసారీ రెండు రోజుల్లో తగ్గేదట. ఆమె నోట్‌బుక్ చూశాను: నొప్పి ఎప్పుడూ ఎడమ బుగ్గ దగ్గరే, పద్దెనిమిది గంటల నుంచి రెండు రోజుల దాకా, మబ్బు పట్టిన రోజుల్లో. లైట్లు ఆర్పి పడుకునేది. రుమాలులో నీళ్లే. మైగ్రేన్ నాలుగు నుంచి డెబ్బై రెండు గంటల్లో తనంతట తనే తగ్గుతుంది. ఆ పేరు మందుకు వచ్చింది. మైగ్రేన్ చికిత్స మొదలుపెట్టాక ఆమె మళ్లీ యాంటీబయాటిక్ వాడలేదు.

2004లో వచ్చిన ఒక అధ్యయనంలో సైనస్ తలనొప్పి అనుకున్న దాదాపు 3,000 మందిని పరిశీలిస్తే, 88 శాతం మందికి మైగ్రేన్ లక్షణాలే ఉన్నాయి. స్కాన్‌లో సైనస్ పొర కాస్త మందంగా ఉందన్నంత మాత్రాన నొప్పికి అదే కారణం కాదు, నొప్పి లేనివాళ్లలోనూ అలా కనిపిస్తుంది.

నొప్పి మాత్రలు నెలలో పది రోజులకు మించి వాడుతుంటే అదీ డాక్టరుకు చెప్పండి, వాటివల్లే తలనొప్పి పెరగొచ్చు. కంటి చుట్టూ వాపు, రెండుగా కనిపించడం, మెడ బిగుసుకోవడం, ఒక్కసారిగా భరించలేని నొప్పి, వీటిలో ఏది ఉన్నా నోట్‌బుక్ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.