పీపీఆర్ పైపు పని – 3వ పాఠం: 25 మి.మీ. పైపుకి ఎల్బో అతికించడం

పోయిన పాఠంలో పైపుని నిటారుగా కోయడం, అంచు శుభ్రం చేయడం చూశాం. ఈసారి ఒకే ఒక్క జాయింట్ తీసుకుందాం. 25 మి.మీ. పైపు, దానికి ఒక ఎల్బో. మిగతా సైజులకి సెకన్లు, మిల్లీమీటర్లు మారతాయి కానీ చేతి పని మాత్రం ఇదే.

ముందు ఒక చిన్న పరీక్ష. పైపునీ ఫిట్టింగ్‌నీ వేడి చేసే మెషిన్‌ని ఆన్ చేయకుండానే చల్లగా ఉన్న పైపుని ఎల్బో గుంతలోకి తోసి చూడండి. మొదట్లోనే బిగుసుకుపోవాలి, లోపలిదాకా వెళ్లకూడదు. పైపు బయటి వ్యాసం గుంత లోపలి వ్యాసం కంటే కాస్త ఎక్కువగా ఉండేలా కావాలనే తయారు చేస్తారు. వేడి చేసినప్పుడు పైపు బయటి పొర, గుంత లోపలి పొర రెండూ కరుగుతాయి. ఆ ఎక్కువగా ఉన్న కొలత వల్ల అవి ఒకదాన్నొకటి నొక్కుకుని కలిసిపోతాయి. ఇందులో జిగురు ఏమీ లేదు, అతికేది ఆ ఒత్తిడిలోనే. కాబట్టి చల్లటి పైపు గుంతలోకి వదులుగా జారిపోతుంటే ఆ పైపునో ఫిట్టింగ్‌నో పక్కన పెట్టేయండి. ఎంత వేడి చేసినా అక్కడ నొక్కుడు రాదు.

వేడి: 260 డిగ్రీలు

మెషిన్‌ని 260 డిగ్రీల సెల్సియస్‌కి పెట్టండి. పది డిగ్రీలు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. "ఇంకాస్త పెంచితే గట్టిగా అతుకుతుంది కదా" అని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. వేడి ఎక్కువైతే పై పొర పాడవుతుంది, పొగ వస్తుంది, మెషిన్ వేడి ప్లేటుకి బిగించిన అచ్చుకి, అంటే డైకి, ప్లాస్టిక్ అంటుకుపోతుంది. వేడి మరీ మితిమీరితే డై మీది టెఫ్లాన్ పూత కూడా చెడిపోయి, మనం పీల్చకూడని పొగ వదులుతుంది. తక్కువైతే ఇంకో రకం మోసం జరుగుతుంది. పైన కాస్త మెత్తబడుతుంది, జాయింట్ కూడా కూర్చుంటుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ లోపల రెండు పొరలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయే గానీ కలిసిపోవు.

డైలు ప్లేటుకి బిగుతుగా ఉండాలి. మధ్య బోల్టు వదులైతే ప్లేటు వేడి డైకి సరిగా చేరదు. అప్పుడు తెర మీద 260 కనిపిస్తున్నా డై అంత వేడిగా ఉండదు. లైటు మొదటిసారి ఆరగానే పని మొదలుపెట్టకండి. థర్మోస్టాట్ ఒకసారి ఆగి, మళ్లీ వెలిగి, మళ్లీ ఆరేదాకా ఆగితే డైలు కూడా ప్లేటుతో సమానంగా వేడెక్కుతాయి. గాలి బాగా వీచే చోట మెషిన్‌కి ఏదైనా అడ్డు పెట్టుకోండి.

లోతు గుర్తు పెట్టడం

25 మి.మీ. పైపు గుంతలోకి 15 నుంచి 16 మి.మీ. వెళ్లాలి. మీ పైపు కంపెనీ ఇచ్చే పట్టికలో అంకె కాస్త వేరుగా ఉంటే దాన్నే పాటించండి. పైపు చివరి నుంచి 15 మి.మీ. దగ్గర మార్కర్‌తో ఒక గీత గీయండి.

ఈ గీత ఒక్కటే సరిపోదు. జాయింట్ అయ్యాక ఉబికిన ప్లాస్టిక్ దాన్ని కప్పేస్తుంది కాబట్టి తర్వాత కొలవడానికి ఏమీ మిగలదు. అందుకే చివరి నుంచి 35 మి.మీ. దగ్గర రెండో గీత గీయండి. పని పూర్తయ్యాక ఎల్బో అంచు నుంచి ఈ రెండో గీతకి 19 నుంచి 20 మి.మీ. ఉండాలి. 24 వచ్చిందనుకోండి, లోపలికి వెళ్లింది 11 మి.మీ. మాత్రమే. 16 వచ్చిందంటే 19 దాకా తోసేశారన్నమాట. ఎల్బో ఏ దిక్కుకి తిరగాలో దానికి కూడా ఫిట్టింగ్ మీదా పైపు మీదా ఒకే వరుసలో చిన్న గీత పెట్టుకోండి. వేడి చేశాక ఆలోచించుకునే వ్యవధి ఉండదు.

పైపు, గుంత రెండూ పొడి గుడ్డతో తుడవండి. పైపు లోపల ఒక్క చుక్క నీరు కారుతున్నా ఆగండి. వేడికి నీరు ఆవిరై కరిగిన పొరలో బుడగలు, సన్నటి దారులు చేస్తుంది. పాత లైన్‌కి కొత్త ముక్క కలిపేటప్పుడు ఎక్కువగా చెడేది ఇక్కడే. వాల్వు కట్టేశాక కూడా లైన్‌లో మిగిలిన నీరు నెమ్మదిగా కారుతూనే ఉంటుంది. దిగువన ఉన్న కొళాయి తెరిచి, అంతా దిగిపోయాకే మొదలుపెట్టండి.

బయటి పలుచటి పొర కిందే అల్యూమినియం పొర ఉన్న పైపు అయితే, జాయింట్ అయ్యే మేరకు ఆ పొరని దాని చెక్కుడు సాధనంతో పూర్తిగా తీసేయాలి. అల్యూమినియం కరగదు, అతకదు.

అసలు పని

చేతికి గ్లవ్స్ వేసుకోండి. ఫిట్టింగ్‌ని ఉబ్బెత్తు డై మీదికి, పైపుని గుంత డై లోపలికి ఒకేసారి, నిటారుగా, తిప్పకుండా తోయండి. పైపు మొదటి గీత డై అంచుని తాకగానే ఆపండి. ఆ పైన ఇంకా తోస్తే పైపు చివర లోపలికి మడుచుకుంటుంది.

ఇప్పుడు, అంటే రెండూ పూర్తిగా కూర్చున్నాక, లెక్క మొదలుపెట్టండి: 7 సెకన్లు. తోయడం మొదలుపెట్టినప్పటి నుంచి లెక్కపెట్టేవాళ్లున్నారు. వాళ్ల జాయింట్లలో పైపు చివర ఎక్కువ కరిగి, బయటి అంచు తక్కువ కరిగి ఉంటుంది. పని చేసే చోటు 5 డిగ్రీల కంటే చల్లగా ఉంటే ఈ సమయాన్ని సగం పెంచి, 10 సెకన్ల పైన ఉంచండి. సమయం పెంచండి గానీ ఉష్ణోగ్రత కదపకండి.

7 అవగానే రెండిటినీ ఒకేసారి తీసి, 4 సెకన్ల లోపు కలపాలి. గాలి తగలగానే పై పొర మీద పలుచటి తోలు కట్టడం మొదలవుతుంది. ఆలస్యమైతే ఆ తోలే రెండిటి మధ్య అడ్డుగోడ అవుతుంది. నా ఉద్దేశంలో బలహీనమైన జాయింట్లకి వేడి కంటే ఈ 4 సెకన్లు దాటిపోవడమే ఎక్కువసార్లు కారణం. ఎల్బో ఎటు తిరగాలో వెతుక్కుంటూ ఉండిపోతారు. ఇందాకటి వరుస గీతలు అందుకే.

నిటారుగా, ఒకే వేగంతో, గీత దాకా తోయండి. స్క్రూలాగా తిప్పుతూ తోయకండి. తిప్పితే కరిగిన పొర చీలి ఒక పక్కకి పోగవుతుంది. తోసిన తర్వాత 4 సెకన్లు కదలకుండా పట్టుకోండి. మొదటి రెండు మూడు సెకన్లలో కాస్త వంకర ఉంటే సరిచేయొచ్చు, కానీ తిప్పకూడదు. తర్వాత 2 నిమిషాలు దాని మీద ఏ బరువూ పడకుండా వదిలేయండి. నీళ్లు పోసి చల్లార్చడం వద్దు. పై భాగం ముందే ముడుచుకుని లోపల లాగుడు మిగిలిపోతుంది.

బాగా వచ్చిన జాయింట్‌లో ఎల్బో అంచు దగ్గర పైపు చుట్టూ ఒకే మందంతో ఉబ్బు కనిపిస్తుంది. ఒక పక్క లావు, ఇంకో పక్క సన్నం అయితే పైపు వంకరగా వెళ్లింది. అసలు ఉబ్బే లేకపోతే వేడి చాల్లేదు, లేదా లోతు తక్కువైంది.

కోసి చూస్తేనే తెలిసేది

బయటి ఉబ్బు సగం కథే చెబుతుంది. లోతు ఎక్కువైన జాయింట్ బయటికి అందంగా ఉంటుంది. లోపల మాత్రం పైపు చివర గుంత అడుగుకి కొట్టుకుని, కరిగిన ప్లాస్టిక్ దారిలోకి ఉంగరంలా పొంగుతుంది. పీఎన్ 20 రకం 25 మి.మీ. పైపు గోడ మందం 4.2 మి.మీ. రెండు పక్కలా తీసేస్తే నీళ్లు పోయే దారి 16.6 మి.మీ. ఆ ఉంగరం వల్ల దారి 11 మి.మీ.కి తగ్గిందనుకోండి. దారి వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది: 11 × 11 అంటే 121, 16.6 × 16.6 అంటే 275కి పైన. అంటే మిగిలింది 44 శాతమే. ఇలాంటివి ఒకే లైన్‌లో నాలుగైదు ఉంటే చివరి కొళాయి సన్నగా వస్తుంది. తప్పేమో పంపు మీదో ట్యాంకు ఎత్తు మీదో పడుతుంది.

లోతు తక్కువైన జాయింట్‌ది ఇంకో తీరు. అతికిన పొడవు తగ్గుతుంది, గుంత అడుగున ఖాళీ చోటు మిగులుతుంది. చల్లటి నీటితో ప్రెషర్ పరీక్ష చేస్తే ఇది చాలాసార్లు నెగ్గేస్తుంది కూడా. వేడినీళ్ల లైన్‌లో బయటపడుతుంది. పీపీఆర్ పైపు మీటరుకి, ఒక్కో డిగ్రీకి సుమారు 0.15 మి.మీ. సాగుతుంది. 3 మీటర్ల పైపులో నీళ్లు 40 డిగ్రీలు వేడెక్కితే 18 మి.మీ. సాగి, చల్లారగానే మళ్లీ వెనక్కి రావాలి. రోజూ ఈ లాగుడు, తోపుడు పడేది జాయింట్ల మీదే. అతుకు సగమే ఉన్నచోట కొన్నాళ్లకి చెమ్మ కనిపిస్తుంది.

కారుతున్న జాయింట్‌ని మళ్లీ వేడి చేసి తోయాలని చూడకండి. పైన జిగురు, సీలెంట్ రాయడం కూడా వృథా, పీపీఆర్‌కి అవి పట్టవు. ఆ ఫిట్టింగ్‌ని కోసి తీసేసి కొత్తది వేయాలి.

ఈ పాఠానికి అభ్యాసం

ఒక మీటరు పైపు, నాలుగు కప్లింగ్‌లు తీసుకోండి. మొదటిది పైన చెప్పినట్టే చేయండి. రెండోదాన్ని గీత దాటి, అడుగు తగిలేదాకా గట్టిగా తోయండి. మూడోదాన్ని 7 సెకన్లు వేడి చేసి, తీశాక 10 సెకన్లు గాల్లో ఉంచి కలపండి. నాలుగోదాన్ని వేడి చేసేది 3 సెకన్లే. నాలుగిటి మీదా ఏది ఏదో రాసి, గంటసేపు వదిలేయండి. తర్వాత హ్యాక్‌సాతో నిలువునా రెండుగా చీల్చండి.

మొదటిదాంట్లో పైపుకీ కప్లింగ్‌కీ మధ్య గీత కనపడకూడదు, రెండూ ఒకే ముద్దలా ఉండాలి. రెండోదాంట్లో లోపలి ఉంగరాన్ని స్కేలుతో కొలిచి, పైన చేసినట్టే దారి ఎంత మిగిలిందో లెక్కకట్టండి. మూడో, నాలుగో వాటిలో రెండు ముక్కల మధ్య వెంట్రుక మందం గీత కనిపించొచ్చు. స్క్రూడ్రైవర్ మొన అక్కడ పెట్టి విప్పి చూడండి. విడిపోయిన చోట ఉపరితలం నున్నగా, మెరుస్తూ ఉంటే అక్కడ పొరలు కలవలేదు. బాగా కలిసినచోట విప్పబోతే ప్లాస్టిక్కే చిరుగుతుంది.

వచ్చే పాఠంలో 63 మి.మీ. పైపు. దానికి 24 సెకన్ల వేడి కావాలి, 8 సెకన్ల లోపు కలపాలి. అంత లావు పైపుని ఒక్కరి చేతులతో నిటారుగా తోయడం కష్టం కాబట్టి ఇద్దరు ఎలా నిలబడాలో, బిగించే స్టాండు ఎప్పుడు తప్పనిసరో అక్కడ చూద్దాం.